వడగట్టిన పాలు

నాకు ముక్కు మీదే కోపం అని మా ఇంట్లో అందరూ అంటారు. మా అన్నయ్య అయితే చిన్నప్పటి నుంచీ నన్ను కందిరీగ అనే పిలుస్తాడు. కాదని నేనెప్పుడూ వాదించలేదు. కానీ ఆ సోమవారం ఆసుపత్రిలో వచ్చిన కోపానికి మాత్రం కారణం ఉంది. తూకం యంత్రం మీద అన్నయ్య మళ్ళీ తగ్గాడు.

అన్నయ్య దర్జీ. ప్యాంటు కుట్టాడంటే అది తొడుక్కున్నవాడు పదేళ్ళ తరవాత కూడా ఆ దారిన వెళ్తూ ఆగి పలకరించి పోతాడు. ఇంటి ముందు గదే మా దుకాణం. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, బట్టలు తొడిగి చూసుకునేవాళ్ళ కోసం ఒక నిలువుటద్దం. రెండో మిషను నాది. గొంతులో పుండు బయటపడి రేడియేషన్ మొదలైన దగ్గర్నుంచి రెండు మిషన్లూ నావే అయ్యాయి. అన్నయ్య మంచం ఆ గదిలోకే వచ్చింది. వెనక గదిలో పడుకోమంటే, మిషను చప్పుడు లేకపోతే తనకి నిద్ర పట్టదన్నాడు.

రేడియేషన్ సగం దాటేసరికి నోరంతా పూసిపోయింది. నమలలేడు. కారం సంగతి సరే, ఉప్పు తగిలినా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. వేడిది ఏదీ పెదవుల దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు మాత్రం మెల్లగా మింగేవాడు. అందుకే ఆసుపత్రిలో డైటీషియన్ మేడమ్ ప్రొటీన్ పొడి డబ్బా రాసిచ్చి, రోజుకి మూడు గ్లాసుల పాలల్లో కలిపి ఇవ్వమన్నారు.

ఆ సోమవారం ఆవిడ తూకం చూసి, వెనక్కి తిరిగి పాత తూకాలు చూసి, పెన్ను గడ్డానికి ఆనించుకుని అడిగారు.

"మూడు గ్లాసులూ తాగుతున్నారా?"

"చుక్క మిగలనివ్వరండీ" అంది వదిన.

"పొడి రెండేసి చెంచాలు వేస్తున్నారా?"

"నిండుగా వేస్తున్నానండీ. డబ్బా అడుగుకి వచ్చేసింది కూడా."

అవన్నీ నిజాలే. నేను రోజూ చూస్తున్నవే. అయినా మనిషి కరిగిపోతున్నాడు. మేడమ్ మమ్మల్ని డాక్టరు గారి గదిలోకి తీసుకెళ్ళారు. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా అన్నయ్య ముఖానికి అచ్చు పోసినట్టు ఒక మాస్కు చేశారు. మొదట్లో అది చర్మానికి అతుక్కున్నట్టు ఉండేది. ఇప్పుడు చెంప దగ్గర నా వేలు దూరుతోంది. డాక్టరు గారు ఆ సందు చూశారు.

"ఇది ఇంకా వదులైతే ముఖం కదులుతుంది, కిరణాలు గురి తప్పుతాయి. మళ్ళీ కొత్త మాస్కు, మళ్ళీ కొలతలు, మధ్యలో వైద్యం ఆగిపోతుంది. అందాకా తెచ్చుకోవద్దు. వచ్చే సోమవారానికి తూకం ఇంకా తగ్గిందంటే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపిద్దాం" అన్నారు.

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. మాట్లాడటం అతనికి నొప్పి. రోజుకి పది మాటలు వస్తే గొప్ప. అయినా అక్కడ నోరు తెరిచాడు.

"వద్దండీ. నోటితోనే తాగుతా."

"గొట్టం అంటే శిక్షేం కాదు. చాలామందికి వేస్తాం."

"మింగడం మర్చిపోతా" అన్నాడు అన్నయ్య.

డాక్టరు గారు ఆ మాట కొట్టి పారెయ్యలేదు. మింగే అలవాటు తప్పితే గొంతు కండరాలు బిగుసుకుపోయే మాట నిజమేనని, అందుకే వారం గడువు ఇస్తున్నానని చెప్పారు. బస్సులో వస్తున్నంతసేపూ వదిన అన్నయ్య మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ లెక్కలు వేసుకుంటున్నాను. పొడి డబ్బాలోంచి పోతోంది. పాలు గ్లాసులోంచి పోతున్నాయి. అన్నయ్య ఒంట్లోకి మాత్రం చేరడం లేదు. మరి ఎక్కడికి పోతోంది?

మనసులో ఒక పురుగు తొలవడం మొదలైతే నాకిక చెయ్యి ఆడదు. ఆ మధ్యాహ్నం ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను. విప్పి మళ్ళీ అలాగే తిరగేసి కుట్టాను. అప్పుడే వదిన అన్నయ్యకి పాల గ్లాసు తెచ్చిచ్చి, ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళినావిడ ఎంతకీ రాలేదు. గిన్నెలు కడుగుతున్న చప్పుడూ లేదు. నేను కత్తెర బల్ల మీద పెట్టి, చెప్పుల్లేకుండా పిల్లిలా వెళ్ళాను.

వదిన ఫ్రిజ్ పక్కన మూలకి తిరిగి నిలబడి ఉంది. ఎడమ చేతిలో టీ వడపోత. కుడి చేతిలో చెంచా. గబగబా తింటోంది.

"ఏం తింటున్నావు వదినా?"

ఉలిక్కిపడి తిరిగింది. పెదవి మీద తెల్లటి ముద్ద అంటుకుని ఉంది. వడపోత నిండా తెల్లటి గడ్డలు. వెనీలా వాసన. అది డబ్బాలో పొడి వాసన అని తెలుసుకోడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు.

"రోగి మనిషి నోటి దగ్గరిది తింటున్నావా! అక్కడ ఆయన ఎముకల గూడై పోతుంటే, ఇక్కడ మూల నక్కి నువ్వు..."

పూర్తి చెయ్యలేదు గానీ, అనాల్సిందంతా అనేశాను. నోటికి హద్దు లేకపోవడం అంటే అదే. వదిన ముఖం పాలిపోయింది. చేతిలో వడపోత దించలేదు, దాచలేదు.

"అదేంటి అమ్మాయ్, అలా అంటావు? ఇవి ఆయన తినేవి కావు. గడ్డలు. కలపగా మిగిలినవి. పారెయ్యడానికి చేతులు రాక తింటున్నా."

"కలపగా మిగలడమేంటి?"

"ఎంత తిప్పినా గడ్డలు కడతాయి. మొదటి రోజు అలాగే ఇచ్చాను. ఒక గడ్డ గొంతుకి అడ్డం పడి, దగ్గు ఆగక, రక్తం జీర కూడా పడింది. నువ్వు బజారుకి వెళ్ళావప్పుడు. ఆయన చూపులు చూసి నా ప్రాణం పోయినంత పనైంది. అప్పట్నుంచి వడగట్టి ఇస్తున్నా. నున్నగా వెళ్ళిపోతాయి. ఆయన కూడా వడగట్టే ఇమ్మంటారు."

"రోజూ ఇన్ని గడ్డలు మిగులుతాయా?"

"పూటకి ఇన్ని" అంది వదిన, వడపోత నాకు చూపిస్తూ.

నేను వడపోత లాక్కుని ఒక పెద్ద గడ్డని చెంచా అంచుతో రెండుగా కోశాను. పైన జిగురుగా, తడిగా ఉంది. లోపల పొడి. డబ్బాలోంచి అప్పుడే తీసినంత పొడిగా, తెల్లగా, కొంచెం ఊదితే ఎగిరేటట్టుగా ఉంది. ఇంకో గడ్డ కోశాను. అదీ అంతే. గడ్డలు కలపగా మిగిలిన పిప్పి కాదు. అసలు కలవనే కలవని పొడి. సగానికి సగం ఈ వడపోతలోనే ఆగిపోతోంది. అన్నయ్య ఇన్నాళ్ళూ పొడి వాసన పట్టిన పాలే తాగాడు.

వదిన నా చేతిలోని చెంచా వంక చూస్తూ నిలబడింది. ఆవిడకి చదువు తక్కువేమో గానీ తెలివి తక్కువ కాదు. మెల్లగా గోడకి జారబడి నేల మీద కూర్చుంది.

"అయితే బలమంతా ఇందులోనే ఉందా?"

నేను చెంచా గట్టు మీద పెట్టేశాను.

"ఆయన కండ నేను తిన్నానా, అమ్మాయ్?"

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. వదిన పక్కన కూలబడి ఆవిడ తల నా భుజానికి ఆనించుకున్నాను. ఈ ఇంటికి ఆవిడ వచ్చినప్పుడు నేను బొత్తాం కూడా సరిగా కుట్టలేని పిల్లని. నాకు జడ వేసింది, జ్వరం వస్తే రాత్రుళ్ళు కూర్చుంది ఈవిడే. అన్నయ్య నాకు ఎంతో, వదినా అంతే. అప్పుడు పట్టుకున్నాను కాబట్టి తెలిసింది: నా చేతి కింద వదిన భుజం ఎముక గట్టిగా తగిలింది. ఆ సంగతి అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

"లే వదినా. ఏడవడానికి వారమంతా ఉంది. ముందు దీని సంగతేంటో చూద్దాం. నువ్వు ఎలా కలుపుతావో అలాగే కలుపు, నేను చూస్తా."

కళ్ళు తుడుచుకుని లేచింది. పొడుగాటి స్టీలు గ్లాసు తీసుకుంది. అడుగున రెండు చెంచాల పొడి నిండుగా వేసింది. ఫ్రిజ్‌లోంచి పాలగిన్నె తీసి ఒక్కసారిగా గ్లాసు నిండా పోసింది. చెంచాతో గిరగిరా తిప్పింది. గడ్డలు పైకి తేలాయి. కొన్ని అడుగున అంటుకుని చెంచాకి అందలేదు. పైన గడ్డల్ని చెంచా తరుముతుంటే అవి పక్కకి తప్పుకుంటున్నాయి గానీ విడిపోవడం లేదు.

"చలికే ఇలా అవుతోంది. వేడి పాలల్లో పంచదార ఎలా కరుగుతుంది? అలాగే దీన్నీ మరగబెట్టి పోద్దాం. తరవాత చల్లార్చి ఇద్దాం" అన్నాను నేను. తొందరపాటులో నాకు సాటి లేరు.

పాలు పొయ్యి మీద పొంగే దాకా కాచి, ఆ సలసల మరుగుతున్నవి తీసుకెళ్ళి పొడి మీద పోశాను. చెంచా పెట్టి తిప్పేసరికి పాలు విరిగినట్టు, చిన్న చిన్న రవ్వలు రవ్వలుగా అయిపోయింది. ఈసారి గడ్డ కోస్తే లోపల పొడి లేదు. రబ్బరులా సాగే ముద్దే. నలిపినా నలగలేదు.

"ఇది ఇంకా అన్యాయంగా ఉంది" అంది వదిన.

అప్పటికి నా బుర్ర పని చేసి డైటీషియన్ మేడమ్‌కి ఫోన్ చేశాను. ఏ వేళైనా చెయ్యమని నంబరు ఇచ్చారావిడ. ఫోన్ స్పీకరులో పెట్టి పాలగిన్నె పక్కన నిలబెట్టాను. వడపోత సంగతి చెప్పాను.

"అదా!" అన్నారావిడ. "అమ్మయ్య. నేనింకా లోపల ఏదైనా కొత్త జబ్బేమోనని భయపడి కూర్చున్నానమ్మా. ఎలా కలపాలో నేను చెప్పి ఉండాల్సింది."

"వేడి పాలు పోస్తే రవ్వలయ్యాయి మేడమ్" అన్నాను.

"మరిగేవి పోస్తే అంతే. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడుతుంది చూశారా? ఇదీ ప్రొటీనే కదా. మరీ వేడి తగిలితే ఉడికి ముద్దకడుతుంది. ఇక తిరిగి కలవదు. బలం ఎక్కడికీ పోదు గానీ, అంత నొప్పిగా ఉన్న గొంతుకి ఆ రవ్వలు గీసుకుంటాయి."

"మరి చల్లటివాటిల్లో ఎందుకు కలవదండీ?" అని అడిగింది వదిన. నేరం చేసి పట్టుబడిన మనిషి గొంతుతో అడిగింది.

"పొడి కుప్పగా ఉన్నప్పుడు పాలు ఒక్కసారిగా పోస్తే, ముందు పైన ఉన్న పొడి తడుస్తుంది. తడవగానే జిగురవుతుంది. ఆ జిగురు చుట్టూ తలుపులు మూసేసినట్టు మూసేస్తుంది. లోపలి పొడికి ఇక తడి అందదు. చల్లటి పాలల్లో ఇది ఇంకా ఎక్కువ. చలికి పొడి మెల్లగా తడుస్తుంది. అందులో కాస్త కొవ్వు కూడా ఉంటుంది, అది చలికి బిగుసుకుని నీటిని దగ్గరికి రానివ్వదు. అందుకని పాలు ముందు, పొడి తరవాత. అదీ గోరువెచ్చటి పాలు, కొంచెమే. వేలు పెడితే వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు. ఒక చిన్న గిన్నెలో నాలుగైదు చెంచాల పాలు పోసి, పైన పొడి కొంచెం కొంచెం చల్లుతూ చెంచా వీపుతో గిన్నె అంచుకేసి నూరండి. చిక్కటి ముద్దలా రావాలి. చిక్కగా ఉంటేనే గడ్డలు చెంచాకి చిక్కి చితుకుతాయి. పల్చటి పాలల్లో జారిపోతాయి. ముద్ద నున్నగా అయ్యాకే చల్లటి పాలు, అదీ కొద్దికొద్దిగా."

"వెచ్చటిది ఆయన తాగలేరండీ" అంది వదిన.

"ఆ కాస్త ముద్దలోకి గ్లాసుడు చల్లటి పాలు పడ్డాక వెచ్చదనం ఎక్కడుంటుందమ్మా? కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. నురగ దిగిపోతుంది. ఎక్కడైనా ఒకటీ అరా పలుకు మిగిలితే అదీ నాని కరుగుతుంది. ఏ పూటకి ఆ పూట తాజాగా కలుపుకోండి. డబ్బాలో తడి చెంచా పెట్టకండి."

ఫోన్ పెట్టేశాక వదిన చీకటి పడకముందే పని మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి సలహాలిస్తుంటే, "నువ్వు పోయి కాలరు కుట్టుకో" అని కసిరింది. ఆ కసురు విని నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ కదల్లేదు. గోరువెచ్చటి పాలల్లోకి పొడి వేళ్ళతో చల్లింది. చెంచా వీపుతో నూరింది. ముందు పలుకులు పలుకులుగా ఉంది. ఇంకాసేపు నూరింది. ముద్ద మెరుస్తూ చెంచా వెంట సాగింది. అప్పుడు చల్లటి పాలు ఒక చెంచా పోసి కలిపింది. తరవాత ఇంకో చెంచా. ఆ తరవాత ధారగా. ఆఖర్న, అలవాటు కొద్దీ చెయ్యి వడపోత మీదికి వెళ్ళింది. తీసి, ఖాళీ గ్లాసు మీద పెట్టి, పాలు పోసింది.

వడపోతలో ఏమీ మిగల్లేదు. నురగ మాత్రం కాసేపు నిలబడి పగిలిపోయింది.

వదిన వడపోతని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకేసారి చేసింది. నేనూ తక్కువ తినలేదు.

కాసేపయ్యాక గ్లాసు తీసుకుని ఇద్దరం ముందు గదిలోకి వెళ్ళాం. అన్నయ్య మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గ్లాసు అందుకుని లోపలికి చూశాడు. పాలు కొంచెం చిక్కగా, మీగడ రంగులో ఉన్నాయి.

"వడగట్టు" అన్నాడు.

"గడ్డలు లేవండీ. ఒక్కటి కూడా లేదు. చూడండి, అంతా కలిసిపోయింది" అంది వదిన. పరీక్ష పాసైన పిల్లలా చెప్పింది.

సంతోషిస్తాడనుకున్నాను. అన్నయ్య ముఖం చిన్నబోయింది. గ్లాసు వంక చూశాడు, వదిన వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు.

"మరి ఆవిడేం తింటుంది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అన్నయ్య గోడ వైపు చెయ్యెత్తి చూపించాడు. మంచం మీద అతను కూర్చున్న చోటు నుంచి నిలువుటద్దం కనిపిస్తుంది. నేను మంచం అంచున కూర్చుని అటే చూశాను. అద్దంలో వంటింటి గుమ్మం, గుమ్మంలోంచి ఫ్రిజ్, ఫ్రిజ్ పక్కన మూల. వదిన రోజూ ఎవరికీ కనపడకుండా నిలబడే మూల.

"నేను తినలేకపోయిన రోజు నుంచీ ఈవిడ తిండి మానేసింది" అన్నాడు అన్నయ్య. ఒక్కో మాటకీ ఆగి, నీళ్ళు చప్పరించి చెప్పాడు. "కంచంలో పెట్టుకుంటుంది. కెలుకుతుంది. తీసేస్తుంది. నేను కుట్టిన బట్టలేగా ఒంటి మీద. నడుం దగ్గర రెండు వేళ్ళు వదులయ్యాయి. నాకు కనపడదా?"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అడిగితే తిన్నానంటుంది. ఒక్క ఆ గడ్డలే... ఇష్టంగా తింటోంది. అద్దంలో చూశా. నొప్పి కాస్త తెరిపి ఇచ్చిన పూటల్లో గడ్డలు మింగగలిగేవాణ్ణే. అయినా వడగట్టమన్నా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "పాలల్లో కలిసింది నాకు, కలవనిది ఆమెకి అనుకున్నా. బలం పాలల్లోనే దిగిపోయిందనుకున్నా, కందిరీగా. తెలీలేదు."

ఇద్దరికీ నాలుగు పెడదామనిపించింది. అంత కోపం వచ్చింది. ఆయన ఈవిడ కోసం వడగట్టించాడు. ఈవిడ ఆయన కోసం వడగట్టింది. ఇద్దరూ కలిసి బంగారం లాంటి మనిషిని గొట్టం దాకా తెచ్చారు. మధ్యలో నేను, ఈ మహా తల్లిని, వదినని దొంగని చేశాను. నాకు ఏడుపు వచ్చింది. వస్తే దాచుకోలేదు. అన్నయ్య కాళ్ళ దగ్గర దుప్పటిలో ముఖం పెట్టుకుని ఏడ్చాను.

ముందుగా తేరుకున్నది వదినే. లోపలికి వెళ్ళి, ఒక కంచంలో అన్నం పెట్టుకుని తెచ్చి, మంచం ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"మీ ఎదురుగా తింటే మీకు ప్రాణం ఉసూరుమంటుందని తినలేదు. అంతే. మీరు గ్లాసు తాగండి, నేను ఇది తింటా. మీరు ఆపితే నేనూ ఆపుతా."

"బెదిరిస్తున్నావా?" అన్నాడు అన్నయ్య.

"అవును."

అతను ఒక గుక్క తాగాడు. గొంతు కదిలింది. కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు, ఎక్కడైనా గీసుకుంటుందేమోనని. ఏమీ కాలేదు. కళ్ళు తెరిచి వదిన కంచం వంక చూశాడు. ఆవిడ ఒక ముద్ద పెట్టుకుంది. ఇంకో గుక్క, ఇంకో ముద్ద. మధ్యలో అన్నయ్య ఆగిపోతే వదిన చెయ్యి నోటి దగ్గర ఆగిపోయేది. నేను మిషను ముందు కూర్చున్నాను గానీ, కాలు పెడలు మీద పెట్టలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అద్దంలో వాళ్ళిద్దరినీ చూస్తూ కూర్చున్నాను.

పాత డబ్బా అయిపోతే కొత్తది కొన్నాం. ఆ వారమంతా మా ఇంట్లో గడియారం పని పాల గ్లాసే చేసింది. పాలు వెచ్చబెట్టడం, వేలు ముంచి చూడటం, నూరడం. ఒక పూట నేను తొందరపడి పొడంతా ఒకేసారి గుమ్మరిస్తే పలుకులు కట్టాయి. వదిన ఒక్క మాట అనకుండా ఆ గిన్నె నా ముందు పెట్టి చెంచా చేతికిచ్చింది. చెయ్యి నొప్పెట్టేదాకా నూరాను. ఇంకో పూట అన్నయ్యకి నోరు మరీ మండి సగం గ్లాసు దగ్గర ఆగిపోయాడు. వదిన కంచం పక్కన పెట్టేసి కూర్చుంది. అన్నం ఆరిపోయింది. ఈగలు వాలితే తోలుతోంది గానీ ముద్ద ముట్టలేదు. చాలాసేపటికి అన్నయ్య చెయ్యి చాచి గ్లాసు తీసుకున్నాడు. తాగుతున్నంతసేపూ కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. తాగాడు.

ఆదివారం సాయంత్రం వదిన నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగింది.

"రేపు తగ్గితే గొట్టం ఖాయమేనా, అమ్మాయ్?"

"ఏమో వదినా."

"గొట్టం వేస్తే నేను ఆయనకి ఏం కలిపివ్వను?"

భయంగా ఉందని చెప్పాను. తనకీ భయంగానే ఉందంది. ఇద్దరం కలిసి రాత్రి గ్లాసుకి పాలు వెచ్చబెట్టాం.

సోమవారం ఆసుపత్రిలో మా ముందు చాలామంది ఉన్నారు. పిలుపు రాగానే అన్నయ్య కంటే ముందు వదిన లేచింది. డైటీషియన్ మేడమ్, డాక్టరు గారు ఇద్దరూ తూకం దగ్గరికే వచ్చి నిలబడ్డారు. అన్నయ్య చెప్పులు విప్పి యంత్రం ఎక్కాడు. అంకెలు పరుగెత్తి, వెనక్కి వచ్చి, కొంచెం ఊగి ఆగాయి. నేను కళ్ళు మూసుకున్నాను. వదిన మూసుకోలేదు.

"పోయిన సోమవారం ఎంతో, ఇప్పుడూ అంతే" అన్నారు డాక్టరు గారు. మాస్కు తెప్పించి అన్నయ్య చెంపకి ఆనించి చూశారు. సందు అలాగే ఉంది, పెరగలేదు. "పెరగకపోయినా ఫర్వాలేదు. ఈ దశలో తగ్గకపోవడమే గొప్ప. గొట్టం ఇప్పుడేం వద్దు. ఇలాగే తాగండి."

మేడమ్ వదిన వీపు నిమిరారు. వదిన గోడకి ఆనుకుని, చేత్తో నోరు మూసుకుని నిలబడింది. నాకు ఆ యంత్రాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"ఇక దిగండి, వెనక జనం ఉన్నారు" అంది నర్సు.

అన్నయ్య దిగాడు గానీ పక్కకి తప్పుకోలేదు. యంత్రం పక్కనే నిలబడి వదిన వైపు చెయ్యి చాచాడు.

"ఎక్కు."

"నేనెందుకండీ? ఊరుకోండి, నలుగురూ చూస్తున్నారు" అంది వదిన.

"ఆవిడ పేషెంటు కాదు కదండీ" అంది నర్సు, చీటీ మీద పెన్ను ఆనించి.

అన్నయ్య నర్సు వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. నొప్పికి నుదురు ముడిపడింది.

"ఒక్క డబ్బా ఇద్దరం తిన్నామమ్మా. ఇద్దరినీ తూచండి."

నర్సు చీటీ మీంచి పెన్ను తీసింది. వదిన చెప్పులు విప్పేదాకా ఆగింది.